మీ ఆది జాకెట్టు తీసుకెళ్ళండి

తెనాలిలో మా పిన్ని పంతొమ్మిదేళ్ళు నడిపిన టైలరింగ్ షాపు ఈ ఫిబ్రవరితో ఆపేసింది. ఆ సంగతి అందరికీ చెప్పడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కారౌసెల్ పెట్టాలనుకున్నాం. కారౌసెల్ అంటే వేలితో పక్కకు జరుపుతూ చూసే బొమ్మల వరస. ఒక్క పోస్టులో ఇరవై దాకా పెట్టుకోవచ్చు. మాకు ఆరు సరిపోయాయి. ఆ ఆరూ తయారవడానికి మాత్రం నాలుగు రాత్రులు పట్టింది. డిజైన్ గంటలో అయిపోయింది, మాటల దగ్గరే ఆగిపోయాం.

పిన్ని మొదట రాసిన వాక్యం "మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాం". చదవడానికి ఎంతో మర్యాదగా ఉంది. షాపులో కూర్చున్న ఒకావిడకి చూపిస్తే, "పండక్కి ఊరెళ్తున్నారా అక్కా? మళ్ళీ ఎప్పుడు తీస్తారు?" అంది. సెలవంటే మనకి వీడ్కోలూ అవుతుంది, ఆదివారమూ అవుతుంది. సరే, "కొట్టు కట్టేస్తున్నాం" అందామంటే, రోజూ రాత్రి తొమ్మిదింటికి అనే మాటే అది. "వెళ్ళొస్తాం" అంటే మళ్ళీ వస్తారన్న ఆశ మిగులుతుంది. తెలుగులో వీడ్కోలు మాటలన్నీ తిరిగి రావడాన్ని కడుపులో పెట్టుకునే ఉంటాయి. అందుకే ఈ ఒక్కచోట అందమైన మాట పనికిరాదు. చివరికి మొదటి బొమ్మ మీద రాసింది ఇది: "తెనాలిలోని మా టైలరింగ్ షాపును శాశ్వతంగా మూసేస్తున్నాం. ఆఖరి రోజు ఫిబ్రవరి 28, శనివారం."

"శాశ్వతంగా" అన్న మాట దగ్గర పిన్ని చాలాసేపు ఆగింది. "మరీ అంత మాటా?" అంది. కానీ అది తీసేస్తే జనం నమ్మరు. బట్టల వీధుల్లో "ఆఖరి రోజులు, స్టాక్ క్లియరెన్స్" బోర్డులు ఏడాది పొడుగునా వేలాడుతుంటాయి. ఆ బోర్డులకి అలవాటు పడ్డ కళ్ళకి ఇది నిజంగానే మూత అని తెలియాలంటే తేదీ, వారం, శాశ్వతంగా అన్న మాట, మూడూ ఉండాలి. వారం ఎందుకంటే, తేదీ అంకె తప్పు పడితే వారంతో సరిపోక అక్కడే దొరికిపోతుంది.

మాకు దొరికింది కూడా. మొదట రెండో బొమ్మ మీద "జనవరి 30, శనివారం" అని పడింది. శనివారం 31. పోస్టు చేయకముందే చూశాం కాబట్టి బతికాం. పోస్టు చేశాక కింద రాసే కాప్షన్‌ని ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు గానీ, బొమ్మ మీది అక్షరాన్ని దిద్దలేం. ఆ బొమ్మని తీసేయగలం, దాని స్థానంలో కొత్తది పెట్టలేం.

రెండో బొమ్మకి ఇంకో సంగతి ఉంది. మొదటి బొమ్మ చూసి పక్కకు జరపకుండా వెళ్ళిపోయినవాళ్ళకి, తర్వాత అదే పోస్టు రెండో బొమ్మతో కనిపించే అవకాశం ఉంది. కాబట్టి అది ఒంటరిగా చదివినా అర్థం కావాలి. అక్కడే మూడు తేదీలు పెట్టాం. కొత్త బట్టలు తీసుకునేది జనవరి 31 వరకే. ఒప్పుకున్న కుట్టుపని అంతా ఫిబ్రవరి 21కి సిద్ధం. ఆ తర్వాత వారం రోజులు తీసుకెళ్ళడానికి మాత్రమే, 28 సాయంత్రం ఏడుకి తలుపులు మూస్తాం. ఒక్క ఆఖరి తేదీ మాత్రమే రాసి ఉంటే 27వ తేదీన ఎవరో లైనింగ్ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్ళు. జనవరి 5న పోస్టు పెట్టాం. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళు తమ బట్టల సంగతి చూసుకోవడానికి వీలుంటుందని.

కారణం మూడో బొమ్మ. పిన్ని ఇక్కడ ఒక పేజీ రాసింది: అద్దె, కరెంటు బిల్లు, హైదరాబాద్ వెళ్ళిపోయిన మాస్టర్లు, ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ జాకెట్లు, రెండేళ్ళుగా బాకీ తీర్చని ఇద్దరు ముగ్గురు. అన్నీ నిజాలే. కానీ చదివేవాళ్ళలో ఎక్కువమంది డబ్బు సరిగ్గా ఇచ్చినవాళ్ళు. తప్పు చేయనివాళ్ళ ముందు తిట్టినట్టుంటుంది. బాకీలకి ఫోన్ ఉంది. మిగిలింది ఒక్క లైను: "కళ్ళు, నడుము ఇక సహకరించడం లేదు. ఓపిక ఉండగానే ఆపుదామనుకున్నాం."

కృతజ్ఞత బొమ్మ దగ్గర నేను "మీ ఆదరాభిమానాలకు" అని మొదలుపెడితే పిన్ని కొట్టేసింది. "ఎన్నికల కరపత్రంలా ఉందే," అంది. తనే చెప్తుంటే నేను రాసుకున్నాను: "పెళ్ళి జాకెట్టు కుట్టించుకుని, ఇప్పుడు కూతురి ఓణీల ఫంక్షన్‌కి మా దగ్గరికే వచ్చినవాళ్ళకి. చేతులు బిగుతయ్యాయని మూడుసార్లు తిరిగినా విసుక్కోనివాళ్ళకి. కరెంటు లేని మధ్యాహ్నాల్లో మా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పినవాళ్ళకి. దండాలు." ఎవరికి వాళ్ళు తామేనని అనుకుంటారు. మాస్టర్ పేరు, ఫాల్ పీకో చేసే అమ్మాయి పేరు కూడా, వాళ్ళని అడిగాకే, దాని కిందే వేశాం.

అసలు పని ఐదో బొమ్మది. కొలతలకని ఇచ్చిన ఆది జాకెట్లు షాపు బీరువాలో నలభై పైనే తేలాయి. ఎవరివో కొన్నిటికి చీటీ ఊడిపోయింది. "మీ ఆది జాకెట్టు మా దగ్గరుందేమో చూసుకోండి, కొలతల పుస్తకంలో మీ పేజీని ఫోటో తీసుకెళ్ళండి, కుట్టని వాటికి అడ్వాన్సు వెనక్కి ఇస్తాం" అని రాశాం. నేను ముచ్చటపడి ఆ పుస్తకం ఫోటోనే వెనక వేశాను. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, నడుము కొలతలు చక్కగా చదవడానికి వస్తున్నాయి. పిన్ని గుడ్లురిమింది. దాని బదులు కత్తెర ఫోటో పెట్టాం. ఆరోది షాపు వేళలు, ఫోన్ నంబరు, పక్క వీధిలో బాగా కుట్టే ఇంకో ఇద్దరి వివరాలు, వాళ్ళని అడిగే వేశాం.

ఇంకో రెండు చిన్న సంగతులు. తెలుగు అక్షరాలకి కింద వత్తులుంటాయి కాబట్టి లైన్ల మధ్య ఇంగ్లీషుకి ఇచ్చినంత ఎడమే ఇస్తే "శాశ్వతంగా"లో వత్తు కింది లైను నెత్తిన కూర్చుంటుంది. ఫోన్‌ని చేయి చాచి పట్టుకుని చదివితే తెలిసిపోతుంది. రెండోది, పిన్ని దగ్గరికొచ్చే పెద్దవాళ్ళలో సగంమందికి ఇన్‌స్టాగ్రామ్ లేదు, వాట్సాప్ ఉంది. అక్కడ ఎవరైనా ఒక్క బొమ్మనే పంపుతారు, వరస విడిపోతుంది. అందుకని ప్రతి బొమ్మ అడుగునా చిన్నగా షాపు పేరు, తెనాలి, ఫిబ్రవరి 28 అని వేశాం. మొదటి రెండింటినీ ప్రింటు తీసి షట్టర్‌కీ అంటించాం.

మార్చి 1 పొద్దున కాప్షన్ మొదటి లైను మార్చాను: "షాపు మూసేశాం. బట్టలు మిగిలినవాళ్ళు ఇదే నంబరుకి ఫోన్ చేయండి." ఆది జాకెట్లలో ఐదు మిగిలాయి. పిన్ని వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, ఇంట్లో తన చీరల పక్కన పెట్టుకుంది.