మొదటి జవాబు ఏమైంది?

మా బడిలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి మొన్న దిగులుగా వచ్చింది. ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టే కృత్రిమ మేధ యంత్రాన్ని ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందని అడిగిందట. చక్కని జవాబు వచ్చింది. ఇంకా బాగుండేది వస్తుందేమోనని Regenerate అనే మీట నొక్కింది. రెండోది వచ్చింది గాని, అది మొదటిదంత బాగా లేదు. మళ్ళీ నొక్కితే మూడోది వచ్చింది. "మాస్టారూ! ప్రశ్న అదే గదా, జవాబు ఎందుకు మారుతోంది? నా మొదటి జవాబు ఇక దొరకదా?" అని అడిగింది.

ఆ యంత్రం జవాబును ముందుగా తయారుచేసి ఉంచుకోదు. ఒక్కొక్క పదాన్నీ, నిజానికి పదంలోని ఒక్కొక్క ముక్కనూ, అప్పటికప్పుడు ఎంచుకుంటూ పోతుంది. "ఆకాశం నీలంగా కనబడడానికి కారణం కాంతి" అన్నంతవరకు రాసిందనుకుందాం. తర్వాత ఏ పదం రావచ్చు? తాను లోగడ చదివిన రాతలను బట్టి అది లెక్క కడుతుంది. ఒక కుండలో నూరు చీట్లు ఉన్నాయనుకోండి. 1 నుంచి 55 వరకు చీట్ల మీద "చెదరడం", 56 నుంచి 85 వరకు "వెదజల్లబడడం", మిగిలిన 15 చీట్ల మీద "పరిక్షేపణం" అని రాసి ఉంది. ఈ అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవే. యంత్రం కళ్ళు మూసుకుని ఒక చీటీ తీస్తుంది. మొదటిసారి 93 వస్తే "పరిక్షేపణం" అని రాస్తుంది. రెండోసారి 21 వస్తే "చెదరడం" అని రాస్తుంది.

తేడా అక్కడితో ఆగదు. రాసిన పదాన్ని కూడా కలుపుకొని తర్వాతి పదానికి కొత్తగా చీట్లు వేస్తుంది. "పరిక్షేపణం" పడితే పాఠ్యపుస్తకపు ధోరణి వస్తుంది. "చెదరడం" పడితే కథ చెప్పినట్లు సాగవచ్చు. ప్రతిచోటా అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న పదానికి నూటికి 90 చీట్లు ఉన్నాయనుకున్నా, నూరు పదాల జవాబులో ప్రతిసారీ ఆ పదమే వచ్చే అవకాశం ఎంత? 0.9ను నూరుసార్లు గుణించి చూడండి. లక్షకు మూడు కూడా ఉండదు!

ఎప్పుడూ ఎక్కువ చీట్లున్న పదాన్నే తీయమని యంత్రానికి చెప్పవచ్చు. కాని అలా చేస్తే రాత బిగుసుకుపోయి, చెప్పిందే చెబుతూ ఉంటుంది. అందుకే చీటీ తీయిస్తారు.

మరి చెప్పినట్లు మాత్రమే చేసే కంప్యూటరు గుడ్డిగా చీటీ ఎలా తీస్తుంది? అక్కడ ఒక చమత్కారం ఉంది. కాగితం తీసుకోండి. ఒక సంఖ్యను 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి, శేషం రాయాలి. ఆ శేషంతో మళ్ళీ అలాగే చేయాలి. 7తో మొదలుపెడితే 38 వస్తుంది, శేషం 6. తర్వాత 1, 8, 11, 10, 5... ఇలా వస్తాయి. చూసేవారికి వరుస లేనట్లే ఉంటుంది గాని, మళ్ళీ 7తో మొదలుపెడితే మళ్ళీ అవే వస్తాయి. ఈ మొదటి సంఖ్యను "విత్తు" అంటారు. కంప్యూటరు వాడే సూత్రాలు ఇంతకంటే ఎంతో పెద్దవి, పద్ధతి మాత్రం ఇలాంటిదే. మీట నొక్కినప్పుడల్లా మామూలుగా కొత్త విత్తు పడుతుంది, కనుక చీట్లు మారిపోతాయి. పాత విత్తు మనకు చూపరు కాబట్టి, ఎన్నిసార్లు నొక్కినా మొదటి జవాబు అక్షరం పొల్లుపోకుండా తిరిగి పుట్టడం దాదాపు అసాధ్యం.

మాటలు మారితే నష్టం లేదు. విషయం మారితే మాత్రం జాగ్రత్తపడాలి. నీరు ఎన్ని డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుందని అడిగితే చీట్లన్నీ దాదాపు సున్నావే, అందుకని జవాబు మారదు. మీ ఊరి చెరువు ఏ సంవత్సరంలో తవ్వారని అడిగి చూడండి. యంత్రానికి తెలియకపోతే చీట్లు ఎన్నో సంవత్సరాలకు చెదిరిపోయి ఉంటాయి. ఒకసారి ఒక సంవత్సరం, మరోసారి ఇంకొకటి, అదీ ఎంతో ధీమాగా చెప్పవచ్చు. అలా మారిందంటే దానికి ఆ సంగతి తెలియదనే అనుమానించాలి. మారలేదు కదా అని నిజమనుకోకూడదు సుమా! తప్పుకే ఎక్కువ చీట్లు ఉంటే తప్పే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇక పోయిన జవాబు సంగతి. దాన్ని తిరిగి పుట్టించలేకపోయినా, ఒకసారి రాసినదాన్ని ఇలాంటి యంత్రాలు చాలావరకు దాచే ఉంచుతాయి. ఆ అమ్మాయి తెరమీద జవాబు కింద < 3/3 > అని చిన్న గుర్తు ఉంది. మూడింటిలో మూడోది చూస్తున్నామని దాని అర్థం. ఎడమ బాణాన్ని రెండుసార్లు నొక్కించాను. 1/3 వచ్చింది, "పరిక్షేపణం" ఉన్న ఆమె జవాబు కనిపించింది. ఆ జవాబు చదివాక ఆమె అడిగిన ఇంకో ప్రశ్న కూడా దాని కిందే ఉంది. ఒక్కొక్క జవాబూ చెట్టుకొమ్మ లాంటిది. కొమ్మ మారితే దానిమీది ఆకులూ కనబడవు. బాణాలు లేని యంత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో మీట నొక్కక ముందే జవాబును నోటుబుక్కులో ఎక్కించుకోవాలి.