నిజాలన్నీ ఒప్పే, మార్కులు మూడే

కేస్ స్టడీ జవాబు దిద్దేటప్పుడు తప్పులున్న పేపరు పెద్దగా ఇబ్బంది పెట్టదు. తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది, గీత పెట్టి ముందుకు పోతాం. ప్రతి వాక్యమూ నిజమే అయి, అడిగిన ప్రశ్నకు మాత్రం ఎక్కడా జవాబు దొరకని పేపరు దగ్గర చెయ్యి ఆగిపోతుంది. భూగోళం దిద్దే టీచర్లకు ఈ రకం పేపర్లు కొత్త కాదు. ఇంట్లో పిల్లల ప్రిపరేషన్ టెస్టులు చూసే తల్లిదండ్రులకు మాత్రం ఇన్ని సంగతులు రాసినా మూడు మార్కులే ఎందుకు వేశారో అర్థం కాదు.

ఒక జవాబు తీసుకుని చూద్దాం. మన దగ్గర కొన్ని స్కూళ్లలో ఉన్న కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ భూగోళంలో చాలా ఏళ్లుగా ఏడు మార్కుల కేస్ స్టడీ ప్రశ్న ఇస్తున్నారు. ఆ తరహాలో ఒక ప్రశ్న అనుకుందాం: "మీరు చదివిన ఒక తుపానును ఉదాహరణగా తీసుకుని, ప్రభుత్వం తీసుకున్న చర్యల వల్ల ప్రాణనష్టం ఎలా తగ్గిందో వివరించండి." విద్యార్థి ఎంచుకున్నది 2013 నాటి ఫైలిన్ తుపాను. జవాబు సాధారణంగా ఇలా సాగుతుంది.

"ఫైలిన్ 2013 అక్టోబర్ 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలులు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచాయి. 1999లో వచ్చిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది చనిపోయారు. ఫైలిన్ వచ్చే ముందే హెచ్చరికలు జారీ చేశారు. సుమారు 10 లక్షల మందిని తరలించారు. తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. గంజాం జిల్లాలో ఇళ్లు కూలిపోయాయి, పంటలు పోయాయి. మృతులు యాభై లోపే."

ఇందులో తప్పు లేదు. తేదీ, ఊరు, సంఖ్యలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ప్రశ్న అడిగింది "ఎలా తగ్గింది" అని. ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ చదివితే గాలి వేగం, కూలిన ఇళ్లు, పోయిన పంటలు అన్నీ పక్కకు జరిగిపోతాయి. మిగిలేవి మూడు: హెచ్చరించారు, తరలించారు, షెల్టర్లు కట్టారు. ఈ మూడూ చర్యలే, కానీ ఒక్కటీ మనిషి ప్రాణం దాకా చేరలేదు. అలాంటి విడి వాక్యాలకు మొదటి స్థాయి మార్కులే వస్తాయి, అంటే మూడుకు మించవు. ఒక్కో వాక్యాన్ని విడమరిచి కారణం నుంచి ఫలితం దాకా తీసుకెళ్తే రెండో స్థాయి, అంటే నాలుగు నుంచి ఆరు. అలా విడమరిచినవి తగినన్ని ఉండి, ఆ చోటికే చెందిన వివరం కూడా తోడైతే ఏడు.

మరి ఏడుకు మూడే వేయడం కఠినం కాదా? ఇదే జవాబును "తుపాను ప్రభావాలను, ప్రభుత్వ స్పందనను వర్ణించండి" అన్న ప్రశ్న కింద పెట్టి చూడండి. అక్కడ ఇది మంచి జవాబే. అంటే లోపం సమాచారంలో లేదు. పిల్లలు కేస్ స్టడీని ఒక పేజీ నోట్సుగా చదువుతారు: ఎప్పుడు, ఎక్కడ, కారణాలు, ప్రభావాలు, స్పందన. పరీక్షలో తుపాను అనే మాట కనబడగానే ఆ పేజీ మొత్తం దించేస్తారు. ప్రశ్నలోని "ఎలా" అన్న మాట వాళ్ల చూపుకు ఆనదు.

దిద్దేవాళ్లు పొరబడేది ఇంకో చోట. "10 లక్షల మందిని తరలించారు" అన్న వాక్యం చదవగానే విషయం తెలిసిన టీచరు మనసు మిగతాది తానే పూరిస్తుంది. తుపానులో ఎక్కువ మందిని పొట్టనపెట్టుకునేది ఉప్పెన, జనాన్ని తీరం నుంచి ఖాళీ చేయిస్తే ఉప్పెన వచ్చేసరికి అక్కడ మనుషులు ఉండరు, కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఈ వరసంతా టీచరు తలలో ఉంది, కాగితం మీద లేదు. తెలియకుండానే ఆ మార్కులు పిల్లవాడికి పడిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి నాకు నమ్మకమైన దారి ఒకటే. ప్రశ్నను చేత్తో మూసి జవాబు చదవాలి, ఇది ఏ ప్రశ్నకు రాసిందో జవాబు ఒక్కదాన్ని బట్టే చెప్పగలమా అని చూడాలి. పై జవాబును ప్రభావాల ప్రశ్నకూ, స్పందన ప్రశ్నకూ, 1999తో పోల్చమన్న ప్రశ్నకూ కూడా అంటించవచ్చు. అలా ఎటైనా అతికే జవాబు అడిగినదానికి అతకలేదనే లెక్క.

దీనికి వ్యతిరేకమైన మోసం కూడా ఉంది. వివరించాలని చెప్పి చెప్పి అలవాటు చేస్తే కొందరు ప్రతి వాక్యం చివరా "అందువల్ల ప్రాణనష్టం తగ్గింది" అని చేరుస్తారు. "గాలులు 200 కిలోమీటర్ల వేగంతో వీచాయి, అందువల్ల ప్రాణనష్టం తగ్గింది" అన్నది కూడా చూడటానికి వివరణలాగే ఉంటుంది. "అందువల్ల" కనిపించగానే టిక్కు పెట్టకూడదు. దానికి అటూ ఇటూ ఉన్న రెండు ముక్కల మధ్య ఏం జరిగిందో చెప్పారా లేదా అన్నదే చూడాలి.

మార్జిన్‌లో ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. "ఇంకా వివరంగా రాయి" అంటే పిల్లలు ఇంకో మూడు నిజాలు తెచ్చి కలుపుతారు, జవాబు పొడుగవుతుంది తప్ప మార్కు పెరగదు. "తరలించారు" అన్న మాట కింద గీత గీసి "ఎక్కడి నుంచి ఎక్కడికి? అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేది?" అని రాస్తే పిల్లవాడు తప్పనిసరిగా ఉప్పెన దగ్గరికి వస్తాడు. ఆ వాక్యాన్ని తిరగరాయిస్తే ఇలా వస్తుంది: "వాతావరణ శాఖ ముందు నుంచే హెచ్చరించడంతో అధికారులకు సమయం దొరికింది. గంజాం తీరంలో మట్టి ఇళ్లలో, పూరిళ్లలో ఉండేవాళ్లను పక్కా భవనాలకూ షెల్టర్లకూ చేర్చారు. ఇళ్లు కూలినప్పుడు, సముద్రం ముందుకు వచ్చినప్పుడు వాళ్లు అక్కడ లేరు." సంఖ్య ఒక్కటి కూడా కొత్తగా చేరలేదు. మొదటి జవాబులో ఊరికే పడి ఉన్న "ఇళ్లు కూలిపోయాయి" కూడా ఇప్పుడు పనికొచ్చింది.

అదే విధంగా 1999 సంగతి. "అప్పుడు 10,000 మంది చనిపోయారు" అన్నది విడిగా ఉంటే చరిత్ర మాత్రమే. "ఆ విపత్తు తర్వాత ఒడిశా విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది, తీరం వెంట షెల్టర్లు కట్టింది, 2013 నాటికి జనం వెళ్లడానికి ఒక చోటంటూ ఉంది" అంటే అది కారణం అవుతుంది.

బాగా రాసే పిల్లలు ఇంకొక అడుగు వేస్తారు, దాన్ని గుర్తించి మెచ్చుకోవాలి. 1999లో ఉప్పెన ఫైలిన్ కన్నా ఎత్తుగా వచ్చింది, పైగా ఆ తుపాను తీరం దాటాక చాలాసేపు అక్కడే నిలిచి కురిసింది. కాబట్టి ప్రాణాలు దక్కడానికి కారణమంతా ప్రభుత్వ చర్యలే అనడానికి లేదు. పై ప్రశ్న "వివరించండి" అన్నది గనుక ఈ మాట లేకపోయినా ఏడూ వేయవచ్చు. "ఎంతవరకు" అని అడిగితే మాత్రం ఈ మాట లేని జవాబు, ఎంత చక్కగా విడమరిచినా, పై మెట్టుకు చేరదు.

చివరగా, అటూ ఇటూ ఊగే పేపరు. హెచ్చరికలు, షెల్టర్లు విడి వాక్యాలుగానే ఉండి, తరలింపు ఒక్కదాన్నే ఉప్పెనతో కలిపి రాశాడనుకోండి. కష్టపడ్డాడని ఆరు వేయకూడదు, మిగతావి విడిగా ఉన్నాయని మూడు దగ్గరే ఆపకూడదు. విడమరిచిన వాక్యం ఒక్కటి ఉన్నా రెండో స్థాయిలోకి వచ్చినట్టే. నాలుగు వేసి, షెల్టర్ల వాక్యం పక్కన "అక్కడికి ఎవరు వెళ్లారు? వెళ్లకపోతే?" అని రాసి పేపరు తిరిగి ఇవ్వాలి.