స్టీరింగ్ పట్టే ముందు షుగర్ ఎంత?

సంక్రాంతి ముందురోజు. హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కారు నడుపుతున్న ఆయనకు యాభై దాటాయి. పదేళ్లుగా షుగర్ ఉంది, రెండుపూటలా 30/70 ఇన్సులిన్ తీసుకుంటారు. ఉదయం ఆరున్నరకు పరగడుపున చూసుకుంటే 118 ఉంది. ఇంజెక్షన్ చేసుకుని, అరగంటకు నాలుగు ఇడ్లీలు తిని, సూట్‌కేసులు తానే కిందికి దించి డిక్కీలో సర్ది, ఎనిమిదింటికి బయల్దేరారు. పన్నెండున్నరకల్లా విజయవాడలో అత్తగారింట్లో భోజనం చేయొచ్చని లెక్క. పంతంగి టోల్‌గేట్ దగ్గరే ఆ లెక్క తప్పింది. మధ్యాహ్నం ఒకటిన్నర అవుతున్నా కారు ఇంకా కోదాడ చేరలేదు.

పక్కన కూర్చున్న భార్యకు అనుమానం వచ్చింది. ‘‘ఏవండీ, ఏసీలో కూడా ఆ చెమటలేంటి?’’ అని అడిగారు. ‘‘ఏం లేదు, నువ్వు కాసేపు ఊరుకో’’ అని ఆయన కసురుకున్నారు. మామూలుగా అలా కసిరే మనిషి కాదు. కాసేపటికి కారు లేన్ గీత మీదికి జరిగింది. వెనకాల లారీ గట్టిగా హారన్ కొట్టింది.

పొద్దున 118 ఉన్న మనిషికి షుగర్ ఎందుకు పడిపోయింది? జవాబు ఆ ఇన్సులిన్ రకంలోనే ఉంది. 30/70లో 30 శాతం త్వరగా పనిచేసి టిఫిన్ సంగతి చూస్తుంది. మిగతా 70 శాతం నెమ్మదిగా మొదలై, కొన్ని గంటల తర్వాత, అంటే సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకు బలం పుంజుకుంటుంది. ఆ సమయానికి కడుపులో అన్నం ఉంటుందన్న నమ్మకంతోనే డాక్టరు ఆ మోతాదు రాస్తారు. అన్నం ఆలస్యమైనా ఇన్సులిన్ ఆగదు. దానికి తోడు ఆయన సామాన్లు మోశారు. ఆ శ్రమ కూడా షుగర్‌ను కొంత తగ్గించి ఉంటుంది.

షుగర్ బాగా తగ్గినప్పుడు మొదట దెబ్బతినేది మెదడే. దాని ప్రధాన ఇంధనం గ్లూకోజే మరి. ‘నాకు బాగోలేదు, ఆపాలి’ అని గ్రహించాల్సింది కూడా ఆ మెదడే కాబట్టి ప్రమాదం రెట్టింపవుతుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ కాక్స్ బృందం ఈ విషయాన్ని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించింది. టైప్ 1 మధుమేహం ఉన్నవారిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, వారి షుగర్‌ను క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు. 70కి కాస్త దిగువకు వచ్చేసరికే డ్రైవింగ్ చెడిపోవడం మొదలైంది. లేన్ తప్పడం, వేగం పెంచేయడం, అనవసరంగా బ్రేక్ వేయడం కనిపించాయి. చేతికందేలా తీపి పానీయం ఉన్నా మూడోవంతు మంది కూడా తాగలేదు. తాగినవాళ్లు కూడా 50 కిందికి దిగాకే తాగారు. అందుకే ‘నాకు లో అయితే తెలిసిపోతుందిలే’ అన్న ధీమా రోడ్డు మీద పనికిరాదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో వణుకు, గుండెదడ వంటి హెచ్చరికలు మొద్దుబారతాయి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు కూడా ఆ రెండింటినీ కప్పేస్తాయి. అలాంటివారిలో కూడా చెమట మాత్రం చాలావరకు కనిపిస్తుంది.

మనిషి కనిపెట్టలేనిది మీటరు చెబుతుంది. బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సులు చూసే డీవీఎల్‌ఏ, ఇన్సులిన్ వాడే డ్రైవర్లకు స్పష్టమైన లెక్క పెట్టింది. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకు ఇది నిబంధన, మనకు మంచి కొలమానం. బయల్దేరడానికి ముందు రెండు గంటల లోపు షుగర్ చూసుకోవాలి. దారిలో ప్రతి రెండు గంటలకోసారి మళ్లీ చూసుకోవాలి. మన లెక్కలో 90 ఉంటేనే బండి నడపాలి. 70కి, 90కి మధ్య ఉంటే ఏదైనా తిన్నాకే కదలాలి. 70 లోపు ఉంటే తాళం ముట్టుకోకూడదు. పైన చెప్పిన ప్రయాణంలో పది గంటలకొకసారి, పన్నెండింటికొకసారి వేలు గుచ్చుకుని ఉంటే షుగర్ దిగుతున్న సంగతి ముందే తెలిసేది.

మీటరును నమ్మాలంటే ఓ చిన్న జాగ్రత్త కావాలి. కారులో కమలాపండు ఒలిచి, అదే వేలికి సూది గుచ్చితే, చర్మానికి అంటిన రసం వల్ల 65 ఉన్నచోట 140 చూపించవచ్చు. చేతులు నీళ్లతో కడిగి, తుడుచుకున్నాకే పరీక్ష చేయాలి. ఎండలో ఆపిన కారులో స్ట్రిప్పుల డబ్బా వదిలేస్తే అవి పాడైపోతాయి. చేతికి సెన్సర్ అతికించుకున్నవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ అంకె రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో తేడాగా ఉంటే సెన్సర్ ఏం చెప్పినా వేలు గుచ్చుకుని చూసుకోవాలి.

ఇక ఆ కారు దగ్గరికి వద్దాం. ఆయన చేయాల్సిన మొదటి పని తినడం కాదు, ఆపడం. ఇండికేటర్ వేసి, హైవే పక్కన సురక్షితమైన చోటుకు బండి తీసి, ఇంజన్ ఆపి, తాళం తీసి, పక్క సీటులోకి మారాలి. మీటర్లో 58 కనిపించిందనుకుందాం. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. అది లేకపోతే 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్ తాగాలి. డైట్ రకం పనికిరాదు. చాక్లెట్, బిస్కెట్ మొదటి మందు కావు. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది, బిస్కెట్ అరగడానికి సమయం పడుతుంది. పదిహేను నిమిషాలకు చూస్తే 79. ఇంకా నడపకూడదు, మరో 15 గ్రాములు తాగాలి. ఇంకో పదిహేను నిమిషాలకు 104 వచ్చింది. ఇప్పుడు తెచ్చుకున్న పులిహోరో, అరటిపండో తినాలి. లేకపోతే ఇన్సులిన్ మళ్లీ కిందికి లాగుతుంది.

104 వచ్చింది కదా అని వెంటనే స్టీరింగ్ పట్టకూడదు. రక్తంలో గ్లూకోజ్ పెరిగినంత త్వరగా మెదడు తేరుకోదు. అంకె మామూలుకు వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగమని డీవీఎల్‌ఏ చెబుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంట్లో ఇంకెవరికైనా డ్రైవింగ్ వస్తే వాళ్లకు తాళం ఇవ్వడం అన్నిటికన్నా మేలు. డ్రైవింగ్ చేసే మనిషి మాట తడబడినా, అడిగిందే మళ్లీ అడిగినా, ఉన్నట్టుండి విసుక్కున్నా పక్కవాళ్లు వాదించకుండా బండి ఆపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మాత్రమే వాడేవారికి లో షుగర్ భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు మాత్రం ఇన్సులిన్ లాగే షుగర్‌ను పడగొట్టగలవు. మన దగ్గర గ్లిమెపిరైడ్ తరచూ మెట్‌ఫార్మిన్‌తో కలిసి ఒకే మాత్రగా వస్తుంది. అందుకే తాము ఏది వేసుకుంటున్నారో చాలామందికి తెలియదు. కొన్ని మాత్రల్లో వోగ్లిబోస్ కూడా ఉంటుంది. అది మామూలు పంచదారను పేగుల్లో విడగొట్టనివ్వదు. వీళ్లకు లో అయితే పంచదార నీళ్లు, కూల్‌డ్రింక్ త్వరగా పనిచేయవు. ప్యాకెట్ మీద డెక్స్ట్రోజ్ అని రాసి ఉన్న గ్లూకోజే కావాలి.

దారిలో లో అవుతుందేమోనని ఎవరికి వారే ఇన్సులిన్ మానేయడం, మాత్ర ఎగ్గొట్టడం వద్దు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మందుల చీటీ డాక్టరు ముందు పెట్టి రెండు విషయాలు అడగండి. వీటిలో షుగర్‌ను పడగొట్టేది ఏది? ఆ రోజు భోజనం రెండు గంటలు ఆలస్యమైతే నేనేం చేయాలి?