38 శాతం ప్లాస్మిడ్ నష్టం: పోస్టర్ సారాంశంలో ఆ అంకె నిలబడాలంటే

కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోనో, ఆదిలాబాద్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోనో డిగ్రీ మైక్రోబయాలజీ చదివే విద్యార్థులు తక్కువ ఖర్చుతో చేయగల మంచి ప్రాజెక్టు ఒకటుంది. ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియాను యాంటీబయాటిక్ లేకుండా పెంచి, ఎన్ని కణాలు ఆ ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్నాయో లెక్కించడం. ప్రయోగం వారం పది రోజుల్లో ముగుస్తుంది. దాన్ని 250 పదాల పోస్టర్ సారాంశంగా కుదించేటప్పుడే చిక్కు వస్తుంది. "38 శాతం ప్లాస్మిడ్ నష్టం కనిపించింది" అని రాస్తే సరిపోదు. ఎన్ని తరాల్లో, ఎన్ని ట్యూబుల్లో జరిగింది, అది ప్లాస్మిడ్ నష్టమేనని ఎలా తేలింది అన్న మూడు ప్రశ్నలకు సారాంశంలోనే జవాబుండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ఫలితాల అంకెలు వివరణ కోసం ఊహించుకున్నవి. ప్రయోగ పద్ధతి మాత్రం ప్రయోగశాలల్లో వాడేదే.

రోజులు కాదు, తరాలు

బ్యాక్టీరియా ఇ. కోలై డీహెచ్5ఆల్ఫా, ప్లాస్మిడ్ pBR322. ఈ ప్లాస్మిడ్ పొడవు 4,361 బేస్ జతలు. ఒక్కో కణంలో సుమారు 15 నుంచి 20 ప్రతులుంటాయి. ఆంపిసిలిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువులు రెండూ దీనిపైనే ఉన్నాయి.

ముందు ఆంపిసిలిన్ ఉన్న ఎల్‌బీ ద్రవంలో రాత్రంతా పెంచాలి. మర్నాడు కణాలను కడిగి, మందు లేని ఎల్‌బీ ఉన్న మూడు వేర్వేరు ట్యూబుల్లోకి మార్చాలి. కడగకపోతే పాత ద్రవంలోని మందు కొత్త ట్యూబులోకి వస్తుంది. అక్కడి నుంచి రోజూ ప్రతి ట్యూబు నుంచి 5 మైక్రోలీటర్లు తీసి 5 మిల్లీలీటర్ల తాజా ద్రవంలో వేయాలి. ఇది వెయ్యి రెట్ల పలుచన. కణాలు మళ్లీ పాత సాంద్రతకు చేరాలంటే సుమారు 10 సార్లు రెట్టింపు కావాలి, ఎందుకంటే 2 పదో ఘాతం 1,024. అలా ఐదు రోజులకు 50 తరాలవుతాయి.

ఈ లెక్క సరిపోవాలంటే రోజూ ట్యూబు పూర్తి సాంద్రతకు చేరాలి. ఆదిలాబాద్ చలికాలపు రాత్రి కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లబడితే 10 తరాలకు బదులు ఏ ఆరో ఏడో జరుగుతాయి. అందుకే రోజు మొదట్లో, చివర్లో ప్లేట్లపై కణాలను లెక్కించి తరాల సంఖ్యను ఇలా తేల్చుకోవాలి:

```
g = log2(N_end / N_start)
```

సారాంశంలో "ఐదు రోజులు" అని మాత్రమే రాస్తే మరో కళాశాలవాళ్లు తమ ఫలితాన్ని దానితో పోల్చుకోలేరు. "50 తరాలు" అంటే పోల్చుకోగలరు.

పెరగని మచ్చ వెనుక మూడు కారణాలు

ఎంచుకున్న రోజున ప్రతి ట్యూబు నుంచి మందు లేని ప్లేటుపై కాలనీలు పెంచాలి. వాటిలో 100 కాలనీలను ఎంపిక లేకుండా తీసుకుని, ఒక్కో కాలనీని స్టెరైల్ టూత్‌పిక్‌తో ముందు ఆంపిసిలిన్ ప్లేటుపై, తర్వాత టెట్రాసైక్లిన్ ప్లేటుపై, చివరగా మందు లేని ప్లేటుపై తాకించాలి. ఈ వరుస ముఖ్యం. చివరి ప్లేటుపై మచ్చ పెరిగితే టూత్‌పిక్‌పై కణాలు ఉన్నట్టే. అక్కడా పెరగకపోతే ఆ కాలనీని లెక్కలోంచి తీసేయాలి.

ఒక కాలనీ ఆంపిసిలిన్‌పై పెరగలేదనుకుందాం. మొదటి కారణం ప్లాస్మిడ్ పోవడం. అప్పుడు టెట్రాసైక్లిన్‌పైనా పెరగకూడదు. రెండో కారణం, ప్లాస్మిడ్ ఉండి కూడా ఆంపిసిలిన్ జన్యువు పాడవడం. అలాంటి కాలనీ టెట్రాసైక్లిన్‌పై పెరుగుతుంది. దాన్ని ప్లాస్మిడ్ నష్టంలో కలపకూడదు. మూడో కారణం, గాలిలోంచో చేతి నుంచో పడిన వేరే బ్యాక్టీరియా. అది రెండు మందులకూ చచ్చిపోయి అచ్చంగా ప్లాస్మిడ్ పోయిన కణంలా కనిపిస్తుంది, నష్టాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. దీన్ని కొంతవరకు పట్టుకునే దారి డీహెచ్5ఆల్ఫాలోనే ఉంది. దాని సొంత క్రోమోజోమ్‌లోని ఒక మ్యుటేషన్ వల్ల అది నాలిడిక్సిక్ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. అనుమానపు కాలనీలను ఆ ఆమ్లం ఉన్న ప్లేటుపైనా పెడితే మన కణాలు పెరుగుతాయి, అక్కడ పెరగనివి బయటివే. అయితే చర్మంపై ఉండే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా చాలావరకు ఈ ఆమ్లాన్ని తట్టుకుంటుంది కాబట్టి, పెరిగినంత మాత్రాన మనవేనని అనలేం.

పక్కనే ఆంపిసిలిన్‌తో పెంచిన ట్యూబు ఒకటి, ప్లాస్మిడ్ అసలు లేని డీహెచ్5ఆల్ఫా ఒకటి కంట్రోళ్లుగా నడపాలి. రెండోది ఆంపిసిలిన్ ప్లేటుపై పెరిగిందంటే ఆ ప్లేటులో మందు పనిచేయడం లేదని అర్థం.

300 కాలనీలు, మూడే ప్రయోగాలు

50 తరాల తర్వాత మూడు ట్యూబుల్లో 100కు 70, 62, 54 చొప్పున ప్లాస్మిడ్ ఉన్న కాలనీలు మిగిలాయనుకుందాం. సగటు 62, అంటే నష్టం 38 శాతం.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడింటినీ కలిపి 300లో 186 అని లెక్కిస్తే 95 శాతం విశ్వాస అవధి సుమారు 56 నుంచి 68 వరకు వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ సరైనది కాదు. ఒకే ట్యూబులోని 100 కాలనీలు ఒకే చరిత్ర పంచుకున్నవి. ఒక కణం రెండో రోజే ప్లాస్మిడ్ పోగొట్టుకుంటే దాని సంతానమంతా ఆ ట్యూబులో పేరుకుంటుంది. స్వతంత్రంగా నడిచినవి మూడు ట్యూబులే. ఆ మూడు విలువల ప్రామాణిక విచలనం 8. దానితో లెక్కిస్తే అవధి 42 నుంచి 82 వరకు విస్తరిస్తుంది. ఆ వెడల్పు తగ్గాలంటే ట్యూబులు పెంచాలి. కాలనీలను పెంచినంత మాత్రాన తగ్గదు.

ఎందుకు పోయింది?

విభజన వేళ కణంలో 15 ప్రతులుండి, ఒక్కోటీ యాదృచ్ఛికంగా ఏదో ఒక పిల్లకణంలోకి వెళ్తే, ఒక పిల్లకణానికి ఒక్కటీ దక్కని సందర్భం సుమారు 16 వేల విభజనల్లో ఒకసారే వస్తుంది. ఆ వేగంతో 50 తరాల్లో నష్టం అర శాతానికి కూడా చేరదు. 38 శాతం పోయిందంటే వేరే కారణం ఉండాలి. ప్రతులు ఒకదానికొకటి అతుక్కుని విడిగా పంచుకోదగ్గవి తగ్గిపోవడం ఒకటి. ప్లాస్మిడ్ భారం లేని కణాలు త్వరగా పెరిగి మిగతావాటిని వెనక్కి నెట్టడం మరొకటి.

మధ్యలో తీసిన కొలత ఇక్కడ పనికొస్తుంది. నష్టం ఒకే వేగంతో, తరానికి సుమారు 1 శాతం చొప్పున జరిగి ఉంటే 30 తరాలకు 75 శాతం కాలనీల్లో ప్లాస్మిడ్ మిగలాలి. మన ఉదాహరణలో 30 తరాలకు 91 శాతం మిగిలిందనుకుందాం. అంటే మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా పడిపోయింది. ప్లాస్మిడ్ లేనివి పోటీలో గెలుస్తున్నప్పుడు వచ్చే ఆకారం ఇది. మొదటి రోజు, చివరి రోజు మాత్రమే కొలిస్తే ఈ తేడా తెలియదు.

సారాంశంలో రాయాల్సింది

పై ప్రయోగం సారాంశం ఇలా ఉండొచ్చు: "pBR322 ఉన్న ఇ. కోలై డీహెచ్5ఆల్ఫాను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆంపిసిలిన్ లేకుండా మూడు స్వతంత్ర ట్యూబుల్లో సుమారు 50 తరాలు పెంచాం. ట్యూబుకు 100 కాలనీలను రెండు మందులపై పరీక్షించాం. 30 తరాలకు సగటున 91, 50 తరాలకు 62 శాతం కాలనీల్లో ప్లాస్మిడ్ మిగిలింది (50 తరాలకు 95 శాతం విశ్వాస అవధి 42–82). నష్టపు వేగం పెరగడం ప్లాస్మిడ్ లేని కణాల పోటీని సూచిస్తోంది. రెండు రకాల కణాల పెరుగుదల వేగాన్ని విడిగా కొలవలేదు."

చివరి వాక్యాన్ని స్థలం చాలదని తీసేయకండి. పోటీ ఉందని ఈ ప్రయోగం సూచించగలదే తప్ప నిరూపించలేదు. పోస్టర్ దగ్గర నిలబడిన పరీక్షకులు మొదట అడిగేదీ అదే. 250 పదాల్లో దేన్నైనా కుదించాల్సి వస్తే ఉపోద్ఘాతాన్ని కుదించండి. తరాల సంఖ్య, ట్యూబుల సంఖ్య, నష్టాన్ని తేల్చిన పద్ధతి, విశ్వాస అవధి, పరిమితి మాత్రం ఉండి తీరాలి.