ప్రోటాన్ చుట్టూ మ్యూవాన్ తిరిగితే

హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ రెండో శక్తిస్థాయి నుంచి మొదటిదానికి దిగితే 121.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో అతినీలలోహిత కాంతి వెలువడుతుంది. దాని పేరు లైమన్ ఆల్ఫా రేఖ. ప్రోటాన్‌ని తీసేసి ఆ చోట పాజిట్రాన్‌ని పెడితే అదే రేఖ 243 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. ప్రోటాన్‌ని ఉంచి, ఎలక్ట్రాన్‌కు బదులు మ్యూవాన్‌ని పెడితే 0.65 నానోమీటర్లకు వచ్చేస్తుంది. అంటే ఎక్స్-రే అయిపోతుంది. మూడు చోట్లా విద్యుదావేశాలు ఒకటే, ఆకర్షణ బలం ఒకటే, లెక్క కట్టే సూత్రం ఒకటే. తేడా అంతా ద్రవ్యరాశిలోనే ఉంది.

కేంద్రకం కదలకుండా కూర్చుంటుందని, ఎలక్ట్రాన్ ఒక్కటే దాని చుట్టూ తిరుగుతుందని బడిలో బొమ్మ వేస్తాం. నిజానికి రెండూ తిరుగుతాయి. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప ఆడేటప్పుడు ఇద్దరూ సమాన బరువుంటే సరిగ్గా మధ్యలో ఉన్న బిందువు చుట్టూ తిరుగుతారు. ఒకరు బాగా బరువైతే ఆ బిందువు వాళ్ల కాళ్ల దగ్గరికి జరుగుతుంది. అయినా వాళ్లు కొంచెం కదలక తప్పదు. ఈ ఇద్దరి కదలికను ఒకే కణం కదలికగా లెక్క కట్టడానికి భౌతికశాస్త్రంలో రెడ్యూస్డ్ మాస్ అనే ద్రవ్యరాశిని వాడతారు. రెండు ద్రవ్యరాశుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే అది వస్తుంది:

μ = m₁m₂ / (m₁ + m₂)

శక్తిస్థాయిలన్నీ ఈ μ ఎంత పెరిగితే అన్ని రెట్లు లోతవుతాయి. పరమాణువు సైజు, రేఖల తరంగదైర్ఘ్యాలు అన్ని రెట్లు తగ్గుతాయి. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువు కాబట్టి మామూలు హైడ్రోజన్‌లో μ విలువ ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో 0.99946 వంతు. ఆ చిన్న లోటును కూడా కొలవవచ్చు. భార హైడ్రోజన్‌లో కేంద్రకం బరువు రెట్టింపు కాబట్టి లోటు సగమవుతుంది. అందువల్ల హైడ్రోజన్ ఎర్ర రేఖ 656.28 దగ్గరుంటే భార హైడ్రోజన్‌ది 656.10 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. 1931లో హెరాల్డ్ యూరీ బృందం ఇలా పక్కకు జరిగిన రేఖలను పట్టుకునే డ్యుటీరియం ఉందని తేల్చింది.

పాజిట్రోనియంలో ఇద్దరూ సరిసమానం. పాజిట్రాన్ ఎలక్ట్రాన్ ప్రతికణం, దాని బరువు ఎలక్ట్రాన్ బరువే. కనుక μ సరిగ్గా సగం. బంధన శక్తి 13.6 నుంచి 6.8 ఎలక్ట్రాన్ వోల్టులకు పడిపోతుంది, తరంగదైర్ఘ్యాలన్నీ రెట్టింపవుతాయి, రెండు కణాల మధ్య దూరం కూడా రెట్టింపవుతుంది. అయితే ఒక్కో కణం మధ్య బిందువు నుంచి ఉండే దూరం మాత్రం ఆ దూరంలో సగమే. అంటే హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఉండే దూరమే.

ఈ పరమాణువు ఎక్కువసేపు బతకదు. స్పిన్‌ల అమరికను బట్టి సెకనులో వంద కోట్లో వంతులో ఎనిమిదో భాగానికో, లేదా 142 నానోసెకన్లకో రెండు కణాలూ కలిసి గామా కిరణాలుగా మారిపోతాయి. అమెరికాలోని ఎంఐటీలో మార్టిన్ డాయిష్ 1951లో దీన్ని పట్టుకున్నది ఆ ఆలస్యాన్ని కొలిచే. లైమన్ ఆల్ఫా రేఖ కనిపించడానికి మాత్రం 1975 దాకా ఆగాల్సి వచ్చింది. కాంటర్, మిల్స్, బెర్కో ఆ రేఖను సూత్రం చెప్పిన 243 నానోమీటర్ల దగ్గరే చూశారు.

మ్యూవానిక్ హైడ్రోజన్ కథ దీనికి పూర్తిగా ఎదురు. మ్యూవాన్ గుణాల్లో ఎలక్ట్రాన్ లాంటిదే, బరువులో 207 రెట్లు. దాని ఆయుష్షు సగటున 2.2 మైక్రోసెకన్లు. ప్రోటాన్ మ్యూవాన్ కన్నా తొమ్మిది రెట్లే బరువు కాబట్టి, అది కదలడం లేదని ఇక్కడ అనుకోకూడదు. అలా అనుకుంటే లైమన్ ఆల్ఫా శక్తి 2110 ఎలక్ట్రాన్ వోల్టులని తేలుతుంది. సూత్రం ప్రకారం μ విలువ 207 కాదు, 186. దానితో లెక్కిస్తే 1896 వస్తుంది. ప్రయోగశాలలో ఎక్స్-రే డిటెక్టర్ చూపించేదీ ఇదే, సుమారు 1900.

పరమాణువు కూడా 186 రెట్లు చిన్నదవుతుంది. మామూలు హైడ్రోజన్ వ్యాసార్ధం ప్రోటాన్ వ్యాసార్ధానికి సుమారు 63,000 రెట్లు. ఇక్కడ 340 రెట్లే. మ్యూవాన్ ప్రోటాన్ లోపలే ఉండే సంభావ్యత 186 ఘనం చొప్పున, అంటే సుమారు 64 లక్షల రెట్లు పెరుగుతుంది. ప్రోటాన్ బిందువు కాదు, దానికో సైజు ఉంది. దాని లోపలికి దూరిన కణానికి ఆకర్షణ కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల శక్తిస్థాయిల మీద ఎంత పడిందో కొలిస్తే ప్రోటాన్ సైజు తెలుస్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. μ సూత్రం లెక్కకు అందకుండా మిగిలిపోయే చిన్న ముక్కలోనే అసలు సమాచారం ఉంది.

స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్‌లో ఉన్న పాల్ షెరర్ సంస్థలో రాండాల్ఫ్ పోల్ బృందం చేసిన పని అదే. చాలా పలుచని హైడ్రోజన్ వాయువులోకి మ్యూవాన్లను పంపారు. మ్యూవాన్ ఎలక్ట్రాన్‌ని తరిమేసి సుమారు ఆ ఎలక్ట్రాన్ ఉన్నంత దూరంలోనే చిక్కుకుంటుంది. అంటే పద్నాలుగో స్థాయికి అటూ ఇటూగా. అక్కడి నుంచి కిందికి జారుతూ వస్తుంది. వందలో ఒకటి మాత్రం 2S అనే స్థాయిలో ఒక మైక్రోసెకను పాటు ఆగుతుంది. ఆ వ్యవధిలో దాని మీద ఆరు మైక్రోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేస్తారు. లేజర్ పౌనఃపున్యం సరిగ్గా సరిపోతే మ్యూవాన్ 2P స్థాయికి ఎక్కి, వెంటనే కిందికి దూకి, 1900 ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రేని వదులుతుంది. లేజర్‌ని కొంచెం కొంచెంగా మారుస్తూ ఎక్స్-రేలను లెక్కపెడుతూ పోతే ఒక చోట ఆ లెక్క పెరుగుతుంది.

μ సూత్రాన్ని మాత్రమే వాడితే 2S, 2P రెండూ ఒకే శక్తి దగ్గరుండాలి. వాటి మధ్య ఉన్న సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టు తేడా ఎక్కువ భాగం శూన్యంలో క్షణకాలం పుట్టి పోయే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటల వల్ల వస్తుంది. ప్రోటాన్ సైజు వాటా రెండు శాతం. అప్పటివరకు ఒప్పుకున్న 0.877 ఫెమ్టోమీటర్ల వ్యాసార్ధంతో లెక్కిస్తే ఎక్స్-రేలు పెరగాల్సిన చోటు ఒకటి తేలింది. అక్కడ పెరగలేదు. 75 గిగాహెర్ట్జ్ పైన పెరిగాయి. ఆ శిఖరం సహజ వెడల్పుకు ఇది నాలుగు రెట్లు, కాబట్టి కొలతలో పొరపాటని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితం ప్రకారం ప్రోటాన్ వ్యాసార్ధం 0.842. అంటే నాలుగు శాతం తక్కువ.

ఆ తేడా వెనుక కొత్త బలమేదో దాగుందేమోనని కొందరు ఆశపడ్డారు. 2017లో మళ్లీ మామూలు హైడ్రోజన్‌ని కొలిచిన గార్షింగ్ బృందానికీ, 2019లో కెనడాలోని యార్క్ బృందానికీ చిన్న విలువే వచ్చింది. 2018లో పారిస్‌లో చేసిన కొలత మాత్రం పాత పెద్ద విలువ వైపే మొగ్గింది. చివరికి అంతర్జాతీయ స్థిరాంకాల పట్టిక, 2018 సవరణలో, 0.8414ని తీసుకుంది.

దానితో పాటు ఇంకో సంఖ్య కూడా మారింది. హైడ్రోజన్ రేఖల్లో ప్రోటాన్ సైజు, శక్తిస్థాయిలన్నిటికీ మూలకొలత అయిన రిడ్‌బర్గ్ స్థిరాంకం రెండూ కలిసే ఉంటాయి. ఒకదాన్ని సవరిస్తే రెండోదీ జరగాల్సిందే. అందుకే 2014 పట్టికలో మీటరుకు 10973731.5685గా ఉన్న ఆ స్థిరాంకం, తర్వాతి పట్టికలో 10973731.5682 అయింది.