ఒలింపియా పక్కన నిలబడిన లోర్

1865లో పారిస్ సలోన్ ప్రదర్శనలో ఎదూవార్ మానే వేసిన ‘ఒలింపియా’ ముందు జనం మూగి నవ్వారు, తిట్టిపోశారు. చివరికి నిర్వాహకులు దాన్ని ఎవరికీ అందకుండా ఒక ఎత్తైన తలుపు పైకి మార్చాల్సి వచ్చింది. ఇంతకీ అందులో ఉన్నదేమిటి? పరుపు మీద ఒక నగ్న యువతి. మెడకు నల్ల రిబ్బను, కాలికి చెప్పు, మనవైపే సూటిగా చూపు. ఆమె వెనక పూలగుత్తి పట్టుకున్న నల్లజాతి పరిచారిక. మంచం చివర నల్లపిల్లి. అప్పుడు అంత గొడవ ఎందుకు జరిగిందో చెప్పడానికి కళాచరిత్రకారులు రెండు దారులు పట్టారు.

మొదటిది రూపవాదం. బొమ్మలో ఏముందన్నది కాదు, ఎలా వేశారన్నదే ఇక్కడ ముఖ్యం. మానే వెలుగును ఎదురుగా పడనిచ్చాడు. వెలుగుకూ నీడకూ మధ్య ఉండే ఛాయలను దాదాపు తీసేశాడు. దాంతో ఒంటి గుండ్రదనం పోయి, ముదురు గీతల మధ్య పాలిపోయిన రంగు పరిచినట్టు కనబడుతుంది. 1538లో టిషియన్ వేసిన ‘ఉర్బినో వీనస్’ పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. పడుకున్న భంగిమ అదే. కానీ టిషియన్ ఒక్కో ఛాయ మీద ఇంకో ఛాయ కలుపుతూ ఒంటికి తెచ్చిన వెచ్చదనం మానే బొమ్మలో లేదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ ఆధునిక చిత్రకళ మానేతోనే మొదలైందన్నాడు. రంగు పూసిన బల్లపరుపు గుడ్డే తానని దాచుకోని బొమ్మలు అవేనని అతని వాదన.

ఇది నిజమే, చూడటం నేర్పే వాదన కూడా. కానీ ఒంటి నీడలు తగ్గినంత మాత్రాన జనానికి అంత కోపం వస్తుందా?

ఇంగ్లండుకు చెందిన టి.జె. క్లార్క్ 1985లో వెలువరించిన పుస్తకంలో ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. 1865 నాటి పత్రికల్లో వచ్చిన సమీక్షలన్నీ తిరగేసి, విమర్శకులు ఎక్కడ తడబడ్డారో చూశాడు. వేశ్యలు పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాల్సిన కాలమది. అదే సమయంలో ఖరీదైన విలాసవతుల గురించి పారిస్ ఊరంతా కథలు చెప్పుకునేది. దేవతగానో, విలాసవతిగానో కనబడితే నగ్నత్వం వారికి అభ్యంతరం కాదు. ఒలింపియా ఆ రెంటిలోనూ ఇమడలేదు. ఆ శరీరంలో శ్రామికవర్గం కనిపించింది, ఆ చూపులో బేరం కనిపించింది. కోపానికి మూలం అదేనని క్లార్క్ తేల్చాడు. నాకు ఇది గ్రీన్‌బర్గ్ వాదన కన్నా చాలా ముందుకు వెళ్లినట్టు అనిపిస్తుంది.

అయితే సామాజిక చరిత్రకు తన చిక్కు తనకుంది. రెండేళ్ల ముందు, 1863లో, అదే సలోన్‌లో అలెగ్జాండర్ కబనెల్ వేసిన ‘వీనస్ జననం’ ప్రదర్శించారు. అదీ నగ్న చిత్రమే. దాన్ని మూడో నెపోలియన్ చక్రవర్తి స్వయంగా కొన్నాడు. అదే నగరం, అదే ప్రేక్షకులు, అవే వేశ్యా చట్టాలు. కాలం గురించి ఎంత చెప్పుకున్నా, ఒక బొమ్మను కొని ఇంకోదాన్ని తిట్టడానికి కారణం బొమ్మల్లోనే వెతకాలి. కబనెల్ వీనస్ చర్మం నురగలా నునుపు, కళ్లు సగం మూసి ఉంటాయి. మానే నునుపు తీసేశాడు, కళ్లు తెరిచాడు. క్లార్క్‌కు ఇది తెలుసు. అతను రంగుల పూతను ఎంతో ఓపిగ్గా చూసినవాడు. అతని దారిలో నడిచిన చాలామంది మాత్రం చట్టాలూ, ఆదాయాలూ, నగర పటాలూ చెప్పి బొమ్మ దగ్గర ఆగడం మరిచారు.

ఇద్దరూ వదిలేసిన మనిషి మరొకరున్నారు. మానేను సమర్థిస్తూ 1867లో నవలాకారుడు ఎమీల్ జోలా ఒక మాట అన్నాడు. చిత్రకారుడికి నల్ల మచ్చలు కావాలి కాబట్టి ఓ మూల నల్లజాతి స్త్రీనీ పిల్లినీ పెట్టాడని దాని సారాంశం. రూపవాదానికి తొలి మెట్టు లాంటి ఆ వ్యాసంలోనే మనిషి రంగుమచ్చ అయిపోయింది. వర్గాన్ని అంత శ్రద్ధగా చూసిన క్లార్క్ కూడా ఆమెను దాదాపు దాటిపోయాడు, తర్వాత ఆ లోపాన్ని తానే ఒప్పుకున్నాడు. 1992లో అమెరికన్ కళాకారిణి లొరెయిన్ ఒ’గ్రేడీ ఆమెనే కేంద్రంగా చేసుకుని వ్యాసం రాసింది. 2018లో డెనీస్ మరెల్ న్యూయార్క్‌లో పెద్ద ప్రదర్శనే ఏర్పాటు చేసింది.

ఆమె పేరు లోర్. మానే తన నోటుబుక్కులో ఆమె పేరూ, వాంటిమిల్ వీధిలోని చిరునామా రాసుకున్నాడు. ఫ్రెంచ్ వలసల్లో బానిసత్వం రద్దయింది 1848లో. ఈ బొమ్మ వేసిన 1863 నాటికి పదిహేనేళ్లే గడిచాయి. కాబట్టి లోర్ పారిస్‌లో జీతానికి పనిచేసే స్వేచ్ఛాజీవి. ఆమె ఒంటి మీద ఉన్నది అప్పటి చిత్రకారులు ఇష్టపడిన అంతఃపుర దాసీల వేషం కాదు, నగరంలో తొడుక్కునే లేత గులాబీ గౌను. ఈ సంగతి చెప్పడానికి సామాజిక చరిత్ర కావాలి. ఆ గౌను బొమ్మలో వెలిగిపోతుండగా ఆమె ముఖం వెనకున్న చీకటి తెరలో దాదాపు కలిసిపోతుంది. మధ్య ఛాయలు తీసేయాలన్న మానే నిర్ణయం తెల్ల ఒంటిని ముందుకు తెచ్చి, నల్ల ముఖాన్ని వెనక్కి నెట్టింది. ఇది కనిపెట్టడానికి రూపవాది కన్ను కావాలి. నాసిరకం అచ్చుల్లో లోర్ కళ్లూ ముక్కూ కూడా సరిగా ఆనవు. ఓర్సే మ్యూజియంలో ఉన్న అసలు చిత్రంలోనైతే ఆమె ఒలింపియా వైపు తలతిప్పి చూస్తుండటం స్పష్టంగా తెలుస్తుంది.