ఈ స్ప్రింట్‌లో అవుతుందా?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కొలువులో కొత్తగా చేరినవాళ్ల చెవిన మొదటి వారంలోనే పడే ప్రశ్న ఒకటుంది: "ఇది ఈ స్ప్రింట్‌లో అవుతుందా, వచ్చే స్ప్రింట్‌కి తోసేద్దామా?" నిన్నటిదాకా స్ప్రింట్ అంటే కాలేజీ స్పోర్ట్స్ డేలో వంద మీటర్ల పరుగు. ఇక్కడ చూస్తే అందరూ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు.

ఆ పేరే కొంత తప్పుదోవ పట్టిస్తుంది. స్ప్రింట్ అంటే ముందే కొలిచిపెట్టుకున్న గడువు. కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో లోకానికి పరిచయం చేసిన స్క్రమ్ అనే పద్ధతిలోది ఈ మాట. గడువు నెలకు మించకూడదన్నది నేటి నియమం. చాలా జట్లు రెండు వారాలు పెట్టుకుంటాయి, అంటే పది పనిదినాలు. పని మిగిలినా సరే, పదో రోజుతో స్ప్రింట్ ముగిసిపోతుంది. తేదీ జరగదు. జరిగేది పనే.

ఒక ఊహా జట్టును తీసుకుందాం. ఆరుగురు కలిసి బస్ టికెట్ల యాప్ చేస్తున్నారు. బుధవారం ఉదయం ప్లానింగ్‌కు కూర్చున్నారు. చేయాల్సిన పనులన్నీ వరుసగా రాసి ఉన్న జాబితాను బ్యాక్‌లాగ్ అంటారు. అందులో ఏది ముందో ఏది వెనకో తేల్చే మనిషి ప్రొడక్ట్ ఓనర్. ఈసారి లక్ష్యం ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు: ప్రయాణికుడు టికెట్ రద్దు చేస్తే డబ్బు అతని ఖాతాలోకి తిరిగి రావాలి.

ఎంత పని ఎత్తుకోవాలి? ఒక్కో పనికీ దాని బరువును బట్టి పాయింట్లు వేస్తారు. ఇవి గంటలు కావు, ఒక పనిని ఇంకోదానితో పోల్చి వేసుకునే అంచనా. గత మూడు స్ప్రింట్లలో ఈ జట్టు 23, 26, 24 పాయింట్లు పూర్తి చేసింది. కాబట్టి ఈసారి 24 తీసుకుంది: ఎంత తిరిగొస్తుందో చూపే పేజీకి 5, బ్యాంకుకు డబ్బు పంపే భాగానికి 8, ఎస్సెమ్మెస్‌కు 3, పాత లోపం ఒకటి సరిచేయడానికి 3, పాత టికెట్ల జాబితా పేజీకి 5.

రోజూ ఉదయం పావుగంట స్టాండప్. కొత్తవాళ్లు దీన్ని మేనేజరుకు హాజరు చెప్పుకోవడమనుకుని నిన్న చేసినవన్నీ ఏకరువు పెడతారు. నిజానికి అది లక్ష్యానికి ఏం అడ్డొస్తోందో ఒకరికొకరు చెప్పుకోవడానికి. ఆరో రోజున ఒకమ్మాయి అంది: "బ్యాంకు టెస్ట్ సర్వర్ నిన్న మధ్యాహ్నం నుంచి పలకట్లేదు. నా పని ఆగిపోయింది." ఆ మాట తొమ్మిదో రోజున చెప్పి ఉంటే చేయగలిగేదేమీ ఉండేది కాదు. ఆరో రోజు గనక దారి దొరికింది. ఒకరు బ్యాంకువాళ్ల వెంటపడ్డారు. పాత టికెట్ల పేజీ చేస్తున్న అబ్బాయి దాన్ని పక్కనపెట్టి ఆమెకు తోడొచ్చాడు. ఆ పేజీ లేకపోయినా లక్ష్యం నెరవేరుతుంది మరి.

పదో రోజు మంగళవారం డెమోలో టికెట్ రద్దు చేసి చూపించారు, డబ్బు తిరిగొచ్చింది. పక్కనపెట్టిన పేజీ మాత్రం చాలావరకు అయిందే, కానీ టెస్టింగ్ మిగిలింది. దానికి దక్కిన పాయింట్లు సున్నా. ముప్పాతిక ఉడికిన అన్నం వడ్డించలేం కదా! లెక్కకు వచ్చినవి 19. ఆ పేజీ తిరిగి బ్యాక్‌లాగ్‌లోకి వెళ్లింది.

24 అనుకుని 19 చేశారంటే ఫెయిలైనట్టా? కాదు. మొదట్లో స్క్రమ్ మార్గదర్శిలోనూ 'మాటిచ్చిన పని' అన్న అర్థమే ఉండేది. 2011లో దాన్ని 'అంచనా'గా మార్చారు. అయినా కొన్నిచోట్ల పాయింట్లను పరీక్ష మార్కుల్లా చూస్తారు, రెండు జట్లను పోలుస్తారు. అక్కడ జరిగేది ఒక్కటే: నిన్న 3 వేసిన పనికి రేపు 5 వేస్తారు. అంకె పెరుగుతుంది, పని పెరగదు.

స్ప్రింట్ దారి తప్పిందో లేదో బోర్డు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆరుగురి జట్టులో పన్నెండు కార్డులు 'జరుగుతోంది' గడిలో ఉంటే అన్నీ మొదలుపెట్టారు, ఏదీ ముగించలేదని అర్థం. టెస్టింగంతా చివరి రెండు రోజుల్లో కుప్పపడితే ఆ రాత్రులు ఆఫీసులోనే తెల్లవారతాయి. ఒకే కార్డు మూడు స్ప్రింట్లుగా ముందుకు జరుగుతోందంటే అది మరీ పెద్దది, ముక్కలు చేయాల్సిందే.

మంగళవారం సాయంత్రం, డెమో తర్వాత, జట్టు రిట్రోకు కూర్చుంది. పని సాగిన తీరు గురించి మాట్లాడుకునే సమావేశమిది. ఒకటే తేల్చుకున్నారు: బయటి సర్వర్ మీద ఆధారపడే పని ఉంటే, అది పలుకుతోందో లేదో ప్లానింగ్‌కు ముందే చూసుకోవాలి. బుధవారం కొత్త స్ప్రింట్. చివరి మూడింటి సగటు ఇప్పుడు 23, కాబట్టి అంతే తీసుకున్నారు. అందులో 2 పాయింట్ల చిన్న కార్డు ఒకటి కొత్తగా చేరిన కుర్రాడి పేరు మీద పడింది.